ఆకులు నీలంగా ఉన్నంత మాత్రాన పింగాణీని చూసి వేసినట్టా?

ప్రశ్న: ఓడల మీద వెళ్ళిన కలంకారీ బట్టలూ, పింగాణీ సామానూ ఒక దేశం డిజైన్లను ఇంకో దేశానికి మోసుకెళ్ళాయంటారు కదా. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో ఎలా కనిపెడతారు?

పోలికలు వెతికితే మోసపోతారు, పొరపాట్లు వెతకండి. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్న సంగతి.

కొన్నేళ్ళ కిందట పాత బట్టలు బాగుచేసే ఒక చోట ఆరు నెలలు పని నేర్చుకున్నాను. ఎక్కడో చెప్పను. అక్కడికి 18వ శతాబ్దపు పలంపోరు ఒకటి వచ్చింది. పలంగ్‌పోష్ అంటే మంచం మీద పరిచే దుప్పటి. ఆ మాటే తెల్లవాళ్ళ నోట్లో నలిగి పలంపోరు అయింది. కోరమాండల్ తీరంలో, అంటే మన తీరంలోనే కలంతో వేసిన బట్ట. మనిషి నిలువు కన్నా పొడుగు. మధ్యలో మెలికలు తిరిగిన చెట్టు, కొమ్మకో రకం పువ్వు, అడుగున చిన్న గుట్ట. పువ్వులు ఎర్రగా బాగానే ఉన్నాయి కానీ ఆకులు మాత్రం అన్నీ నీలం.

నీలం ఆకులు చూడగానే నాకు చైనావాళ్ళ నీలి తెలుపు పింగాణీ గుర్తొచ్చింది. ఇంకేం, వివరాల పత్రంలో "ఆకుల రంగు పింగాణీ నుంచి తీసుకున్నది" అని ధీమాగా రాసేశాను. పైగా రెండు పింగాణీ పళ్ళాల బొమ్మలు కూడా జత చేశాను.

మా మేడమ్ అది చదివి ఏమీ అనలేదు. బట్టను బోర్లా తిప్పించి, అంచు మడిచి కుట్టిన చోట రెండు కుట్లు విప్పింది. మడతని పట్టకారుతో మెల్లగా ఎత్తి, "ఇటు రామ్మా, చూడు" అంది. ఆ మడత లోపల గోరంత వెడల్పున ఒక ఆకు కొస ఉంది. పచ్చగా, నిన్న వేసినట్టు.

"ఇన్నేళ్ళలో వెలుతురు తగలని చోటు ఇదొక్కటే. నువ్వు రాసిన చైనా అంతా ఎండ చేసిన పని" అంది.

సంగతేమిటంటే ఆ రోజుల్లో ఆకుపచ్చకి విడిగా రంగు లేదు. నీలం అక్కర్లేని చోటల్లా మైనం పూసి, బట్టని నీలిమందు తొట్టెలో ముంచేవాళ్ళు. మైనం తీసేశాక ఆ నీలం మీద కలంతో పసుపు రంగు పూస్తే ఆకుపచ్చ అయ్యేది. నీలిమందు వందల ఏళ్ళు నిలుస్తుంది, పసుపు నిలవదు. అది వెలిసిపోతే మిగిలేది నీలం ఆకే. మ్యూజియంల అద్దాల వెనక కనిపించే నీలం ఆకుల చెట్లలో చాలా వాటి కథ ఇదే.

ఇక్కడ ఒక గోడు వెళ్ళబోసుకోవాలి. ఆన్‌లైన్లో పెట్టే ఫొటోలన్నీ ముందు వైపువే. వెనక వైపు, కుట్లు, మడతలు ఎవరూ తీయరు. అసలు సాక్ష్యమంతా అక్కడే ఉంటుంది. నీలం తొట్టెలో ముంచినదైతే రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. మైనం పగిలిన చోట వెంట్రుకల్లాంటి నీలి గీతలు పాకి ఉంటాయి. ఎరుపేమో, ముందుగా పటిక పూసిన చోట మాత్రమే చిరివేరు అనే వేరు రంగు పట్టుకోగా వచ్చినది. ఆ ఎర్రటి రేకుల లోపల మైనంతో ఆపిన సన్నటి తెల్ల గీతలు కనిపిస్తే ఇక నాకు అనుమానం ఉండదు, అది మన తీరపు చెయ్యే. అచ్చు దిమ్మెతో అలాంటి గీత రాదు.

కానీ చెయ్యి మనదైతే బొమ్మ కూడా మనదే కావాలని లేదు. ఆ రోజే మేడమ్ రెండో ప్రశ్న వేసింది. "సరే, ఆకుల్లో చైనా లేదు. మరి ఈ గుట్ట ఎక్కడిది? మచిలీపట్నం చుట్టుపక్కల ఇలాంటి గుట్ట చూశావా?"

చూడలేదు. అదంతా చదునైన డెల్టా నేల. బట్ట మీదున్నదేమో చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కిన రాళ్ళు, మధ్యలో బొరియలు, వాటిలోంచి లేచిన చెట్టు. రాతి పక్క నుంచి పూలచెట్టు లేవడం చైనా బొమ్మల్లోనూ పింగాణీ మీదా మామూలే. బొరియలున్న రాళ్ళంటే అక్కడి తోటల్లో మహా మోజు. మన చిత్రకారుడు ఆ రాళ్ళని ఎన్నడూ చూసుండడు. అందుకే అతని చేతిలో అవి రాళ్ళలా మిగల్లేదు. ఒక్కో పొలుసులో ఒక్కో నగిషీ నింపేశాడు, ఒకదాంట్లో గళ్ళు, ఒకదాంట్లో చుక్కలు, చీర అంచులో నింపినట్టు. నేను పొరపాటు అంటున్నది దీన్నే. తెలియని వస్తువుని గీసేటప్పుడు చెయ్యి తనకి తెలిసిన దాంట్లోకి జారుతుంది. జారిన వాడే అప్పు తెచ్చుకున్నవాడు.

పింగాణీలోనూ ఇంతే. జర్మనీలో మైసెన్ వాళ్ళది "ఉల్లిపాయ" డిజైన్ అని పేరుమోసినది ఒకటుంది. అందులో ఉల్లిపాయే లేదు. చైనా పళ్ళాల మీది దానిమ్మలూ పీచ్ పళ్ళూ గీయబోతే ఆ ఆకారం వచ్చింది, చూసినవాళ్ళు ఉల్లిపాయలనుకున్నారు. టర్కీలో ఇజ్నిక్ పళ్ళాల అంచు ఇంకా తమాషా. చైనా పళ్ళెం అంచున రాళ్ళకి కొట్టుకునే అలలు ఉండేవి. ఇజ్నిక్‌లో ఒకరిని చూసి ఒకరు వేస్తూ పోతే అలలు కాస్తా నత్తగుల్లల్లాంటి చుట్టలైపోయాయి. అలాంటి పళ్ళాలు నాలుగు వరసగా పెడితే ఏది ముందో ఏది వెనకో పాత కాగితాలు లేకుండానే ఊహించొచ్చు.

అయితే ఆ గుట్ట చైనా నుంచి నేరుగా మన తీరానికి వచ్చిందని మళ్ళీ తొందరపడి రాయకండి. 1643లో లండన్ నుంచి ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు సూరత్‌లోని తమ మనుషులకి రాసిన ఉత్తరం ఒకటుంది. మీరు పంపే దుప్పట్లు ముదురు ఎరుపు నేలతో వస్తున్నాయి, అందరికీ నచ్చడం లేదు, ఇకపై తెల్ల నేల ఎక్కువ ఉంచి, మధ్యలో కొమ్మలూ పువ్వులూ చిత్రకారుడి ఇష్టం వచ్చినట్టు వేయించండి అని దాని సారాంశం. తరవాత అక్కణ్ణుంచి నమూనాలు కూడా పంపారు. జాన్ ఇర్విన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఈ కాగితాలన్నీ తవ్వి, ఈ చెట్టు బొమ్మ ఏ ఒక్క దేశానిదీ కాదని వాదించాడు. చైనా మోజు పట్టిన ఇంగ్లీషువాళ్ళు తమ రుచికి తగ్గట్టు అడిగారు, మనవాళ్ళు తమ చేతివాటం కలిపి వేశారు. ఆ బొమ్మే మళ్ళీ ఇంగ్లండులో ఊలు దారాల కుట్టుపనిలోనూ కనిపిస్తుంది. నాకు ఈ వాదన నూటికి నూరుపాళ్ళూ సరిగ్గా తోస్తుంది.

అందుకే ఎవరైనా ఈ చెట్టుని "మన కల్పవృక్షం, అన్ని దేశాలూ మన దగ్గరే కాపీ కొట్టాయి" అని వాట్సాప్‌లో పంపితే నాకు ఒళ్ళు మండుతుంది. కొమ్మలు చూసి గర్వపడుతున్నారు సరే, ఒకసారి వేళ్ళ కింద ఏముందో కూడా చూడండి.

నా పద్ధతికీ ఒక చిక్కుంది. చెయ్యి తిరిగినవాడు కాపీ చేస్తే పొరపాటు దొరకదు. అప్పుడు బొమ్మని పక్కనపెట్టి నేత, మైనం గీతలు, వెనక వైపు రంగు, దొరికితే కంపెనీ ముద్ర, వీటినే నమ్ముకోవాలి.

నేను రాసిన ఆ పత్రం ఇంకా ఆ ఫైల్లోనే ఉందట. మేడమ్ కొట్టేయలేదు. నా వాక్యం పక్కన పెన్సిల్‌తో "ఎడమ అంచు, కుట్టు మడత చూడుము" అని మాత్రం రాసింది.