గుర్రం మలుపు తిరగనంటే డెక్కలో ఏం జరుగుతోంది?

"హైదరాబాద్‌లో బారాత్‌లకు తిప్పే మా గుర్రం బాగా బలిసింది. సిమెంటు రోడ్డు మీద పొట్టి అడుగులేస్తోంది, మలుపు తిరగనంటోంది. గాయమేమీ లేదు. ఏమై ఉంటుంది?"

డెక్క లోపలి పొరలు దెబ్బతినే లామినైటిస్ జబ్బు కావచ్చు. ఈరోజే పశువైద్యుడిని మీ దగ్గరికే పిలిపించండి, గుర్రాన్ని నడిపించకండి.

డెక్క గోడకీ లోపలి ఎముకకీ మధ్య సన్నని పొరలు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. గుర్రం బరువంతా ఆ పట్టు మీదే నిలుస్తుంది. బలిసిన గుర్రాల్లో చాలావాటికి ఇన్సులిన్ సరిగా పనిచేయక, రక్తంలో దాని మోతాదు పెరిగిపోతుంది. దాంతో ఆ పొరలు సాగి పట్టు సడలుతుంది. పైనుంచి బరువు, వెనకనుంచి స్నాయువు లాగుడు కలిసి ఎముక కొనను కిందికి తిప్పేస్తాయి. అక్కడిదాకా రానివ్వకూడదు.

కుంటడం కంటే ముందే నిలబడ్డచోటే కాళ్లు మార్చి మార్చి బరువు వేస్తుంది. డెక్కకు కాస్త పైన, కాలి వెనక పక్కల వేళ్లు పెట్టి చూడండి. నాడి గట్టిగా కొట్టుకుంటే అనుమానం బలపడినట్టే. డెక్క మీది గీతలు ముందువైపు దగ్గరగా, మడమవైపు ఎడంగా ఉంటే ఇది ఇంతకుముందూ వచ్చి ఉంటుంది.

ఎక్స్‌రేతో పాటు ఇన్సులిన్ పరీక్ష కూడా అడగండి. ముసలి గుర్రమైతే పిట్యూటరీ గ్రంథి జబ్బునూ చూడాలి. దాణా, బెల్లం వెంటనే ఆపేయండి. ఎండుగడ్డిని గంటసేపు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెడితే చక్కెర కొంత తగ్గుతుంది. పస్తు మాత్రం పెట్టకండి. కాళ్ల కింద మెత్తగా, మందంగా రంపపు పొట్టు పరవండి.