జత సాక్సులకి 4, నల్ల జతకి 16: ఒకే సొరుగుకి రెండు జవాబులు ఎందుకు?

ప్రశ్న: సొరుగులో 10 నల్ల, 8 తెల్ల, 6 నీలం సాక్సులు కలిసిపోయి ఉన్నాయి. చీకట్లో తీస్తే ఒక జత కచ్చితంగా దొరకాలంటే 4 తీయాలట. నల్ల జతే కావాలంటే 16 అట. ఒక్క మాట మారితే ఇంత తేడానా? ఎక్కడ ఏ సూత్రం వాడాలో తెలియక పరీక్షలో టెన్షన్ పడుతున్నాను.

జవాబు: పోటీ పరీక్షల పిల్లలకి కొన్నేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఈ రకం లెక్కలకి నేను సూత్రం రాయించడం మానేశాను. దాని బదులు ఒక్క ప్రశ్న అడుగుతాను: సొరుగులోంచి సాక్సులు తీసి ఇచ్చేది మీరు కాదు, మీ పని కాకూడదని పంతం పట్టిన మనిషి అనుకోండి. అతను మిమ్మల్ని ఎంత దూరం సతాయించగలడు?

జత కావాలంటారు. అతను ఒక నల్లది, ఒక తెల్లది, ఒక నీలంది ఇస్తాడు. అంతే, అక్కడితో అతని ఆట కట్టు. నాలుగోది ఏ రంగుదైనా ముందున్న వాటిలో ఒకదానికి జత అవుతుంది. జవాబు 4. గమనించండి, ఇక్కడ 10, 8, 6 అన్న అంకెలతో పనే పడలేదు. రంగులు మూడు, ఒక్కో రంగులో కనీసం రెండున్నాయి అంటే చాలు.

నల్ల జతే కావాలంటే అతనికి పండగే. ముందు 8 తెల్లవి, 6 నీలంవి మొత్తం ఇచ్చేస్తాడు. తర్వాత ఒక నల్లది ఇచ్చినా జత కాదు. అంటే 15 సాక్సులు చేతిలో ఉన్నా మీ పని కాలేదు. 16వది నల్లది కాక తప్పదు. మొదటి ప్రశ్నలో ఏ రంగు జతైనా మీ గెలుపే, ఇక్కడ రెండు రంగులు మొత్తంగా అతని పక్షానికి వెళ్లిపోయాయి. తేడా అంతా అక్కడే ఉంది.

"మూడు తీస్తే జత రావచ్చు కదా సార్" అని క్లాసులో ఎవరో ఒకరు అంటారు. వస్తుంది, చాలాసార్లు వస్తుంది. ఇదే సొరుగులో 24లోంచి 3 తీయడానికి 2024 రకాలున్నాయి. మూడూ వేర్వేరు రంగులయ్యేవి 10 × 8 × 6, అంటే 480. కాబట్టి దాదాపు 76 శాతం సార్లు మూడింటితోనే జత దొరుకుతుంది. కానీ ప్రశ్నలో "కచ్చితంగా" అన్న మాట ఉంటే ఆ 76తో పని లేదు. మిగతా 24 శాతం గురించే అడుగుతున్నారు.

సూత్రం బట్టీ పట్టినవాళ్లు దెబ్బతినే చోటు వేరే ఉంది. ఇదే సొరుగులోంచి ఒకే రంగువి 8 సాక్సులు కచ్చితంగా రావాలంటే ఎన్ని తీయాలి? పిజన్‌హోల్ సూత్రం చదివినవాళ్లు మూడు రంగులు, ఒక్కోదానికి ఏడేసి, 3 × 7 + 1 అని 22 రాసేస్తారు. ఆ పంతం మనిషి ఏడు నీలం సాక్సులు ఎక్కడ నుంచి తెస్తాడు? ఉన్నవే 6. అతను గరిష్ఠంగా ఇవ్వగలిగేది 7 + 7 + 6, అంటే 20. జవాబు 21. 22 తీసినా పని అవుతుంది కాబట్టి ఆ తప్పు కంటికి కనిపించదు. అందుకే జవాబు రాశాక దానికంటే ఒకటి తక్కువ తీసుకుని, పని జరగని ఏర్పాటు ఒకటి నిజంగా కట్టి చూడమంటాను. 21 సాక్సులతో అలాంటి ఏర్పాటు కట్టబోతే కుదరదు, వెంటనే 22 తప్పని తెలిసిపోతుంది. 20తో కుదురుతుంది.

ఇప్పుడు సాక్సుల బదులు గ్లౌజులు పెట్టండి, అంకెలు అవే: 5 నల్ల జతలు, 4 తెల్ల జతలు, 3 నీలం జతలు. ఒకే రంగులో ఎడమది, కుడిది రెండూ రావాలి. సాక్సుకి ఎడమ కుడి లేవు కాబట్టి అక్కడ 4తో అయిపోయింది. ఇక్కడ అతను ఎడమ చేతివే 5 + 4 + 3, మొత్తం 12 వరుసగా ఇచ్చేయగలడు, ఒక్క జతా కుదరదు. ఇంతకంటే లాగలేడు. ఆరు నల్లవి ఇచ్చాడంటే ఎడమవి ఐదే కాబట్టి అందులో కుడిది ఉండి తీరాలి, అలాగే కుడివీ ఐదే కాబట్టి ఎడమదీ ఉండి తీరాలి. తెల్లవాటికి నాలుగు, నీలంవాటికి మూడు దాటినా ఇదే కథ. కాబట్టి జవాబు 13. మొత్తం 24 వస్తువులు, మూడు రంగులు, ఏవీ మారలేదు. పంతం మనిషికి దాచుకునే చోట్లు పెరిగాయి, అంతే.