ఐస్ నీళ్లలో ప్రోబ్ 2 చూపిస్తోంది

మా చిన్న కిచెన్‌లో ప్రోబ్ థర్మామీటర్ ఐస్ నీళ్లలో 2 డిగ్రీల సెల్సియస్ చూపిస్తోంది. పాడైనట్టేనా?

ముందు గ్లాసుని అనుమానించండి. నీళ్లు ఎక్కువై ఐస్ పైన తేలుతుంటే, అడుగున 0 ఉండదు. గ్లాసు నిండా చితక్కొట్టిన ఐస్ వేసి, సందులు నిండేంత వరకే చల్లటి నీళ్లు పోసి కలపండి. మొన గ్లాసుకి తగలకుండా మధ్యలో ఉంచి, అంకె కదలడం ఆగాక చదవండి. -1 నుంచి 1 లోపు ఉంటే వాడుకోవచ్చు.

మళ్లీ 2 వస్తే సర్దుబాటు చేయండి, ఆ వీలు లేకపోతే మార్చేయండి. ప్రతిసారీ 2 తీసేసి చదవడం నాకు నచ్చదు. వేడి దగ్గర తేడా అంతే ఉంటుందని చెప్పలేం, పైగా తీసేయడం మర్చిపోతాం.

రికార్డులో "ఓకే" అని కాదు, తేదీ, ప్రోబ్ నంబరు, వచ్చిన అంకె, ఏం చేశారో రాయండి. కిందటి చెక్ తర్వాతి రీడింగులూ తిరగేయండి. 75 దాటాలనుకున్న చోట రాసిన 76, నిజానికి 74 అయి ఉండొచ్చు.