దయచేసి అని చేర్చినా కటువుగానే ఉంది

సందేహం: మా యోగా కేంద్రం గోడ మీద ఈ నోటీసు ఉంది: “తరగతులకు హాజరగువారు విధిగా తగిన దుస్తులు ధరించవలెను. అసభ్యకరమైన దుస్తులు నిషేధం. చెప్పులు, నగలు, సుగంధ ద్రవ్యములతో లోనికి రారాదు. నిబంధనలు పాటించని వారు అనుమతించబడరు.” కొత్తవాళ్లు ఇది చదివి బెదిరిపోతున్నారు. ప్రతి వాక్యానికీ ముందు ‘దయచేసి’ చేర్చి చూశాం. కటువుదనం తగ్గలేదు సరికదా, వాక్యం ఎక్కడో తేడాగా అనిపిస్తోంది. ఎలా మార్చాలి?

సమాధానం: తేడాగా అనిపించడానికి వ్యాకరణమే కారణం. ‘చేసి’ క్త్వార్థకం, అంటే అసమాపక క్రియ. మామూలుగా దాని తర్వాత వచ్చే ప్రధాన క్రియకూ దానికీ కర్త ఒక్కరే కావాలి. “దయచేసి చెప్పులు బయట విడవండి” అన్నప్పుడు దయ చేసేదీ మీరే, చెప్పులు విడిచేదీ మీరే. లెక్క కుదిరింది. “దయచేసి అసభ్యకరమైన దుస్తులు నిషేధం” అంటే దయ ఎవరు చెయ్యాలి? వాక్యంలో మనిషే లేడు. “దయచేసి అనుమతించబడరు” మరీ విడ్డూరం. బయట ఆపేసిన మనిషినే దయ చూపమని అడుగుతున్నట్టుంది.

అసలు బిగువంతా వాక్యం చివర ఉంది. తెలుగులో మర్యాదైనా పెత్తనమైనా క్రియ తోకలోనే తెలుస్తుంది. ముందు ఎంత తియ్యగా మొదలుపెట్టినా చివర ‘రారాదు’ పడితే అంతే సంగతులు. ‘రాదు’, ‘కూడదు’, ‘నిషేధం’ వీటిలో చెప్పేవారూ కనబడరు, వినేవారూ కనబడరు. చట్టానికి అది సరిపోతుంది, గుమ్మంలో నిలబడ్డ మనిషికి సరిపోదు. ‘విడవండి’, ‘వద్దండి’ అన్నప్పుడు ఒకరు మరొకరితో మాట్లాడుతున్నారని తెలుస్తుంది. అందుకని ముందు క్రియలు మార్చండి. ‘దయచేసి’ అవసరం దానంతటదే పోతుంది, ‘అండి’లో ఆ మర్యాద ఇమిడే ఉంది కదా.

‘అనుమతించబడరు’ విషయంలో మొహమాటం అక్కర్లేదు, తీసేయండి. ఇలాంటి ‘బడు’ ప్రయోగాలు ఆఫీసు కాగితాల్లో బతుకుతున్నాయి గానీ నోటి మాటలో చాలా అరుదు. దాన్ని “మేము అనుమతించము” అని మార్చినా లాభం లేదు. ‘మేము’లో వినేవారు ఉండరు. కొత్తగా వచ్చినవారికి మీరు బయటివారని చెప్పకనే చెప్పినట్టవుతుంది. అలాగని ప్రతి చోటా ‘మనం’ పెట్టకండి. “మన హాలు” అంటే బాగుంటుంది. “మనం చెప్పులతో లోపలికి రాకూడదు” అంటే మాత్రం పసిపిల్లలకు బుద్ధులు చెబుతున్నట్టుంటుంది.

‘వలెను’ గ్రాంథికం. పుస్తకాల్లోంచి ఎప్పుడో వెళ్లిపోయింది, బోర్డుల్లోంచి మాత్రం పోనంటోంది. ‘ధరించవలెను’ వాడుకలో ‘ధరించాలి’. ‘ధరించు’ తప్పేమీ కాదు. పైగా బోర్డులు రాసేవారికి అది సుఖం. మనం చీర కట్టుకుంటాం, చొక్కా వేసుకుంటాం లేదా తొడుక్కుంటాం, గాజులు వేసుకుంటాం, కళ్లజోడు పెట్టుకుంటాం. వీటన్నిటికీ ‘ధరించు’ ఒక్కటే సరిపోతుంది. కానీ మీకు కావలసినవి రెండు మూడు వస్తువులే కాబట్టి వాటి క్రియలే వాడండి, మాట దగ్గరవుతుంది.

ఇక విషయానికొస్తే, మీ నోటీసులో ‘తగిన దుస్తులు’ అని ఉంది గానీ ఏవి తగినవో లేదు. అన్నీ తెలిసిన పాతవారికి అసలు నోటీసే అక్కర్లేదు. ‘అసభ్యకరమైన’ అన్నది ఇంకా పెద్ద చిక్కు. అది బట్టకు కొలత కాదు, మనిషి మీద తీర్పు. చదివినవారు తమను తాము కిందికీ పైకీ చూసుకుని టెన్షన్ పడతారే తప్ప ఏం వేసుకోవాలో తెలుసుకోరు. మీరు చెప్పదలచుకున్నది బహుశా ఇంతే: ముందుకు వంగినప్పుడు చొక్కా పైకి జారకూడదు, మెడ దగ్గర మరీ వదులుగా ఉండకూడదు. ఆ మాటే రాయండి.

కారణం చెబితే సగం కటువుదనం పోతుంది, అయితే చెప్పే వరుస ముఖ్యం. ఆజ్ఞ ముందు వేసి, “ఎందుకంటే” అని వెనక కారణం తగిలిస్తే సంజాయిషీలా ఉంటుంది. తెలుగు వాక్యానికి కారణం ముందు, పని తర్వాత ఉంటే హాయిగా నడుస్తుంది. “సాక్సులతో కాలు జారుతుంది, అవీ విప్పేయండి” అంటే ఎవరూ నొచ్చుకోరు.

ఒక్క జాగ్రత్త. మెత్తగా రాయబోయి నియమాన్నే పోగొట్టుకోకండి. “చెప్పులు బయట విడిస్తే బాగుంటుంది” అంటే విడవకపోయినా పర్వాలేదని అర్థం. తప్పనిసరి అయినచోట ‘ఆలి’ ఉండాల్సిందే. “బయటే విడవాలి” అనడంలో అమర్యాద ఏమీ లేదు. బోర్డులో ఒకటి రెండు చోట్ల ‘ఆలి’, మిగిలిన చోట్ల ‘అండి’ ఉంటే ఏది తప్పదో ఏది సలహానో చదివేవారికి దానంతటదే తెలుస్తుంది. అన్నీ ‘ఆలి’ అయితే మళ్లీ మొదటికొస్తుంది.

నేనైతే ఇలా రాస్తాను:

“కొత్తగా వచ్చారా? రండి, కూర్చోండి.
మోకాళ్లు, నడుము సులువుగా వంగడానికి సాగే ప్యాంటు గానీ పైజామా గానీ వేసుకోండి. జీన్సు వద్దు.
ముందుకు వంగినప్పుడు పైకి జారకుండా చొక్కా కాస్త పొడవుగా ఉండేలా చూసుకోండి.
చెప్పులు, బూట్లు బయటే విడవాలి. సాక్సులతో కాలు జారుతుంది, అవీ విప్పేయండి.
చేతుల మీద బరువు వేసినప్పుడు గాజులు, వాచీ ఒత్తుకుంటాయి. ముందే తీసి సంచిలో పెట్టుకోండి.
ప్రాణాయామం చేసేటప్పుడు పక్కవారికి ఘాటు తగలకుండా సెంటు రాసుకోకుండా రండి.
ఈ రోజుకు ఇలాంటి బట్టలు లేకపోయినా వెనక్కి వెళ్లకండి. టీచరుకు ఒక మాట చెప్పండి, కూర్చుని చేసేవి చేయవచ్చు.”

ఆఖరి వాక్యం మీ ‘అనుమతించబడరు’ ఉన్న చోటే ఉందని గమనించండి. పాటించని వారిని ఏం చేస్తామన్నది అక్కడుండేది. పాటించలేకపోయిన వారు ఏం చేయవచ్చన్నది ఇప్పుడుంది. మీ టీచర్లు దీనికి ఒప్పుకోకపోతే మాత్రం ఆ వాక్యం పెట్టకండి. బోర్డు రమ్మని, మనిషి పొమ్మంటే పాత నోటీసే నయం. అప్పుడు “ఇలాంటి బట్టలు లేకపోతే రేపు వేసుకుని రండి, రేపటి నుంచే మొదలుపెడదాం” అని ఉన్నదున్నట్టు రాయండి.

‘అసభ్యకరమైన’ తీసేయడానికి మీ పెద్దలు ఒప్పుకోరేమో. ఆ పదం పెట్టినన్నాళ్లలో దాన్ని చదివి ఎవరైనా బట్టలు మార్చుకుని వచ్చారేమో వారినే అడిగి చూడండి.

ఇంకొకటి. ఈ బోర్డు గోడ మీదే ఉంటే చదివేసరికి మనిషి వచ్చేసి ఉంటాడు, జీన్సులోనే. సెంటు గురించి ‘రాసుకోకుండా రండి’ అన్నదీ అంతే, ఇంటి దగ్గర చదివితేనే పనికొస్తుంది. పేరు నమోదు చేసుకున్న రోజే ఫోనుకు పంపే మెసేజ్‌లో బట్టలు, సెంటు సంగతి పెట్టి ‘వేసుకుని రండి’, ‘రాసుకోకుండా రండి’ అనండి. గోడ మీద చెప్పులు, సాక్సులు, గాజులు, వాచీ చాలు. అక్కడ నిలబడి చేయగలిగిన పనులు అవే.