నంబర్ లైన్ మీద −2 − (−5) పిల్లలకు ఎలా చెప్పాలి?

"మా అబ్బాయి ఆరో తరగతి. నంబర్ లైన్ మీద కూడికలు బాగానే చేస్తాడు. −2 − (−5) లాంటివి వస్తే మాత్రం −7 అంటాడు. ఎలా అర్థమయ్యేలా చెప్పాలి?"

నేను బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెబుతుంటాను. మా అక్క కూతురు కూడా సరిగ్గా ఇక్కడే ఆగిపోయింది. అంతకుముందు లిఫ్ట్ చూపించి చెప్పాను. రెండో అంతస్తు నుంచి ఐదు దిగితే −3, అంటే మూడో బేస్‌మెంట్. అది వెంటనే పట్టుకుంది. కానీ "మైనస్ ఐదు అంతస్తులు దిగు" అంటే ఏం చేస్తుంది పాపం!

చిక్కంతా "మైనస్ అంటే ఎడమకి" అని మనం ఒకే ముక్క చెప్పి వదిలేయడంలో ఉంది. ఈ లెక్కలో మధ్యలో ఉన్న మైనస్ తీసివేత. 5 ముందున్నది ఆ సంఖ్యకు అంటుకున్న గుర్తు. రెండింటికీ ఒకే అర్థం చెబితే పిల్లలు ఎడమకే నడిచి −7 దగ్గర తేలతారు.

అందుకే పార్కింగ్‌లో టైల్స్ మీద సుద్దముక్కతో −8 నుంచి 8 దాకా రాసి నడిపించాను. మధ్య గుర్తు చూసి ఎటు తిరగాలో తేల్చుకోవాలి: ప్లస్ అయితే 8 వైపు, మైనస్ అయితే −8 వైపు. తర్వాతి సంఖ్య ప్లస్ అయితే ముందుకి, మైనస్ అయితే వెనక్కి నడవాలి. పిల్ల −2 మీద నిలబడి, −8 వైపు తిరిగి, వెనక్కి ఐదు అడుగులు వేసింది: −1, 0, 1, 2, 3. జవాబు 3.

మొదటిసారి 2 దగ్గరే ఆగింది. నిలబడ్డ టైల్‌నే "ఒకటి" అని లెక్కపెట్టింది మరి. జవాబు ప్రతిసారీ ఒక గడి తక్కువ నడిచినట్టు వస్తుంటే ఇదే కారణం. పాదం కదిలాకే "ఒకటి" అనమనండి.

"వెనక్కే ఎందుకు నడవాలి పిన్నీ?" అని అడిగింది. మంచి ప్రశ్నే, నడక నియమం దానికి జవాబు చెప్పదు. అప్పుడు ఇలా వరసగా రాయించాను:

−2 − 2 = −4
−2 − 1 = −3
−2 − 0 = −2

తీసేసేది ఒక్కొక్కటి తగ్గుతుంటే జవాబు ఒక్కొక్కటి పెరుగుతోంది. తర్వాతి వరస −2 − (−1). దానికి −1 అని తనే రాసేసింది, అలాగే −2 − (−5) దాకా వెళ్లి 3 దగ్గర ఆగింది. సరిచూడ్డానికి 3 + (−5) నడిపించాను. 8 వైపు తిరిగి వెనక్కి ఐదు అడుగులు వేస్తే మళ్లీ −2 మీదికే వచ్చింది.

−48 + 75 లాంటి వాటికి టైల్స్ చాలవు. కాగితం మీద ఒట్టి గీత గీసి, సున్నా దాకా 48 ఒకే దూకు, మిగిలిన 27 ఇంకో దూకు వేయించండి.