ఆయుధ పూజ రోజు కొట్లో స్టాఫ్‌కు థ్యాంక్స్ ఎలా చెప్పాలి?

"మాది చిన్న బట్టల కొట్టు, పన్నెండు మంది పనిచేస్తారు. ఏటా ఆయుధ పూజకు అందరం చేరతాం. ఈసారి నాన్న నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. ఏం చెప్పాలి? ఎంతసేపు మాట్లాడాలి?"

రెండు నిమిషాలు చాలు. చీటీ చూసి చదివినా ఎవరూ ఏమీ అనుకోరు, కానీ ఒక్క పేరు మర్చిపోతే ఏడాదంతా గుర్తుపెట్టుకుంటారు. తెనాలిలో మాదీ బట్టల కొట్టే. మొదటిసారి నేను మాట్లాడినప్పుడు అదే జరిగింది.

ఆ ఏడు అమ్మకాల లెక్కలు చెప్పి, "మనమంతా ఒకే కుటుంబం" అన్నాను. వెనక నుంచి ఎవరో మెల్లగా, "కుటుంబమైతే ఆదివారం సెలవివ్వొచ్చుగా" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ మాట మళ్లీ నా నోట రాలేదు. అసలు పొరపాటు ఇంకోటి. కౌంటర్‌లో వాళ్లందరి పేర్లూ చెప్పాను గానీ మేడ మీద చీరలకు ఫాల్ కుట్టే అక్కను వదిలేశాను. ఆమెది పీసు లెక్క, జీతాల పుస్తకంలో పేరుండదు. నేను చీటీ రాసుకున్నది ఆ పుస్తకం చూసే. సాయంత్రం మేడ మీదికి వెళ్తే మేమిచ్చిన స్వీట్ బాక్సు విప్పకుండా మిషను మీదే ఉంది.

అప్పటి నుంచి చీటీ రాసేది జీతాల పుస్తకం చూసి కాదు. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా ఎవరెవరి చెయ్యి పడుతుందో వరసగా తలుచుకుంటాను. ఊడ్చే ఆమె, బేళ్లు దించే మనిషి, రాత్రి వాచ్‌మన్, అందరూ వస్తారు. ఒక్కొక్కరి పక్కన ఆ ఏడాది వాళ్లు చేసిన ఒక పని రాసుకుంటాను. ఏదీ తట్టకపోతే మా పెద్ద గుమాస్తాను అడుగుతాను. నాకు తెలియనివి ఆయనకు పది తెలుసు. "బాగా కష్టపడ్డారు" అంటే ఎవరికీ తగలదు. ఫలానా రోజు ఫలానా పని అనాలి.

పోయినేడు నేను చెప్పింది దాదాపు ఇది:

"అందరికీ దసరా శుభాకాంక్షలు. వరలక్ష్మీ వ్రతం ముందు గురువారం మీకు గుర్తుండే ఉంటుంది. సాయంత్రానికి ఫాల్ కుట్టి ఇవ్వాల్సిన చీరలు గుట్టగా పడున్నాయి. మేడ మీద అక్క భోజనానికి కూడా లేవలేదు. ఒక్క చీర కూడా మర్నాటికి మిగల్లేదు, థ్యాంక్స్ అక్కా. బాబాయ్, ఆషాఢం సేల్‌లో తానులోంచి గుడ్డ చింపేటప్పుడు నేను తప్పు కొలిస్తే కస్టమర్ ముందు ఏమీ అనకుండా మీటరు కర్ర మీరు అందుకున్నారు. ఆ రోజు నా పరువు నిలబెట్టారు. (ఇలాగే మిగతావాళ్లవి, ఒక్కొక్కరికి ఒక్కో వాక్యం.) ఇంకో మాట. రోజంతా నిలబడి కాళ్లు లాగుతున్నాయని మీరు చాలాసార్లు అన్నారు. కౌంటర్ వెనక ఆరు స్టూళ్లు వేయించాను. బేరం లేనప్పుడు కూర్చోండి, నేను చూసినా లేవక్కర్లేదు. కవర్లు ఇప్పుడే ఇస్తాను, తర్వాత టిఫిన్."

స్టూళ్లు ముందు రోజు రాత్రే తెచ్చి వేశాను కాబట్టి ఆ మాట అన్నాను. "వచ్చే ఏడాది చూద్దాం" అనే రకం హామీలు ఆ రోజు వద్దు, పట్టుకుని అడుగుతారు. బోనస్ గురించి ఉపన్యాసమూ వద్దు. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట అది చట్టం ఇమ్మన్నదే, చిన్న కొట్లలోనూ ఏడాదిగా ఎదురుచూసేదే. మన దయలా చెబితే వినేవాళ్లకు చివుక్కుమంటుంది. కవర్లు పేరు రాసి ఒక్కొక్కరి చేతికీ ఇవ్వండి, ఎంతుందో పైకి చదవకండి.

ఇక టైము. నాన్న హయాంలో దీపావళి రాత్రి కొట్టు కట్టేశాక పెట్టేవారు. ఊళ్లకు వెళ్లేవాళ్లు ఆఖరి బస్సు కోసం, ఆడవాళ్లు ఇంట్లో దీపాలు పెట్టాలని గడియారం చూస్తుండేవాళ్లు. నేను నవమి పొద్దునకు మార్చాను. కత్తెర్లకు, మీటరు కర్రకు, బిల్లింగ్ కంప్యూటర్‌కు బొట్లు పెట్టి హారతి అయ్యాక, గుమ్మడికాయ కొట్టేలోపు మాట్లాడేస్తాను. గుమ్మడికాయ కొట్టాక అందరి చూపూ వీధి మీదికి పోతుంది, ఇక ఎవరూ వినరు. (ముక్కలు రోడ్డు మీద వదిలేయకండి, బండ్లు జారతాయి.)

పోయినేడు షట్టర్ పూర్తిగా ఎత్తాక చూస్తే స్టూళ్లన్నీ ఖాళీ. నేను చూస్తుంటే కూర్చోవడానికి మొహమాటం. చివరికి నేనే టీ తాగే నెపంతో పక్క సందులోకి వెళ్లి పావుగంట తర్వాత వచ్చాను. బాబాయ్ ఒక్కరే కూర్చుని ఉన్నారు, కాళ్లు చాపుకుని.