కారుకు ఎండ కరెంటు, దానికి అప్పు?

ప్రశ్న: నిజాంపేటలో సొంత ఇల్లు. మేడపై 5 కిలోవాట్ల సోలార్, నెట్ మీటర్ ఉన్నాయి. నిరుడు ఎలక్ట్రిక్ కారు కొన్నాను. ఎండను బట్టి కరెంటును పెంచుతూ తగ్గిస్తూ, మిగులు సోలార్‌తోనే కారును నింపే చార్జర్ 85 వేలు చెబుతున్నారు. దాంతో పాటు మరో 3 కిలోవాట్ల పలకలు కూడా వేయించమంటున్నారు. మొత్తానికి 3.2 లక్షల వ్యక్తిగత రుణం 14 శాతానికి వస్తోంది. జీతం 1.3 లక్షలు. ఇంటి, కారు వాయిదాలు 57 వేలు, ఇంటి ఖర్చు 40 వేలు, బ్యాంకులో 80 వేలు ఉన్నాయి. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య తరచుగా వస్తున్నాయి. అందరూ చేస్తున్న పొరపాటు ఒకటే కాబట్టి మీ లెక్కను కాస్త విడమరిచి చెబుతాను.

మీకు నెట్ మీటర్ ఉంది. మధ్యాహ్నం మీ మేడ నుంచి లైనుకు వెళ్లిన యూనిట్ రాత్రి మీరు వాడిన యూనిట్‌లో తగ్గిపోతుంది. అంటే కారును పగలు నింపినా రాత్రి నింపినా బిల్లు ఒక్కటే. మీ 5 కిలోవాట్లు నెలకు సుమారు 600 యూనిట్లు ఇస్తాయి. ఇంటికి 500 అవుతాయనుకుందాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారుకు చార్జింగ్ నష్టంతో కలిపి 160. అంటే మీరు అదనంగా కొంటున్నది 60 యూనిట్లు. దాని ఖరీదు నెలకు మూడు వందలు దాటదు. ఈ పరిస్థితిలో ఆ 85 వేల పెట్టె మీకు ఆదా చేసేది సున్నా. పైగా ఎండ కాసే వేళకు కారు చాలా రోజులు ఆఫీసులో ఉంటుందని మీకు చార్జర్ అమ్మేవారు గుర్తుచేసి ఉండరు.

ఇక కొత్త పలకలు. అవి ఇచ్చే 360 యూనిట్లలో 60 పోగా మిగిలినవి పేరుకుపోతాయి. లెక్క తేల్చే గడువు నాటికి మిగిలిన యూనిట్లకు మీరు చెల్లించే ధర రాదు, విద్యుత్ సంస్థ కరెంటు కొనే సగటు ధరే వస్తుంది. కేంద్రం రాయితీ 3 కిలోవాట్లకే 78 వేల గరిష్ఠానికి చేరుతుంది కనుక, మొదటిసారే తీసుకుని ఉంటే విస్తరణకు అదీ లేదు. రుణ వాయిదా మాత్రం మూడేళ్ల పాటు నెలకు దాదాపు 10,900, వడ్డీయే 73 వేలకు పైగా. నెలకు మూడు వందల బిల్లు, ఆ మిగులు యూనిట్లకు వచ్చే కొద్ది సొమ్ము కోసం పదకొండు వేలు కట్టే పనికి పెట్టుబడి అని పేరు పెట్టకండి.

మిగులు ఎండను పట్టాలనే సరదా ఉంటే రూపాయి ఖర్చు లేకుండా చేయవచ్చు. చాలా కార్ల తెరపైనో యాప్‌లోనో ఆంపియర్లు తగ్గించే వీలుంటుంది. వేసవి మధ్యాహ్నం మీ మేడ 4 కిలోవాట్ల వరకు ఇస్తే, ఒక ఏసీ, ఫ్రిజ్ పోను 2 మిగులుతాయి. 8 ఆంపియర్లు పెడితే 1.84 కిలోవాట్లు, సరిపోతుంది. ఆదివారం పూట ఆ అంకె పెట్టి వదిలేయండి. మబ్బు పట్టినప్పుడు ఇలాంటి చార్జర్ సాధారణంగా 6 ఆంపియర్ల కంటే కిందికి దిగదు. అంటే 1.4 కిలోవాట్ల మిగులు కూడా లేకపోతే ఆ ఖరీదైన చార్జర్ ఆగిపోతుంది, లేదా లైను నుంచి లాగుతుంది. మూడు ఫేజుల్లో చార్జింగ్ తీసుకునే కారైతే ఆ కనీసమే 4.1 కిలోవాట్లు, మీ మేడతో అది మొదలవడమే కష్టం. కరెంటు పోయినప్పుడు ఎండతో కారు నింపుకోవచ్చనే ఆశ కూడా వదులుకోండి. లైనుతో కలిసి పనిచేసే మామూలు ఇన్వర్టర్ అప్పుడు తానూ ఆగిపోతుంది.

లైనుకు పంపే యూనిట్లకు తక్కువ ధర వచ్చే ఇళ్లలో ఈ చార్జర్ నిజంగా పనికొస్తుంది. అలాంటివారు బిగించిన రోజే ఒకటి చూసుకోవాలి: కారు చార్జ్ అవుతుండగా గీజర్ వేయండి. చార్జర్ కరెంటు తగ్గాలి. పెరిగిందంటే మిగులును కొలవడానికి మీటరు తీగకు తగిలించిన క్లాంపు తిరగబడింది.

ఇప్పుడు నన్ను అసలు కలవరపెట్టిన అంకె: 80 వేలు. మీకు నెలకు కదలని ఖర్చు 97 వేలు. ఉద్యోగం పోతే ఆ డబ్బు నెల కూడా నిలవదు. ఆరు నెలలకు 5.8 లక్షలు కావాలి. ఇంత పలచటి నిల్వ మీద మూడో వాయిదా ఎత్తుకోవడం నాకు అర్థం కాదు. బంగారు రుణం చౌక కదా అంటారేమో, అదీ అప్పే.

రుణ వాయిదాకు కట్టగలమనుకున్న ఆ 10,900 వచ్చే నెల జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి మళ్లించండి. బోనస్ వస్తే అదీ అందులోకే. నిల్వ కనీసం మూడు నెలల ఖర్చుకు సరిపడా మూడు లక్షలు దాటాక, బిల్లులు ముందు పెట్టుకుని పలకల సంగతి మళ్లీ అడగండి.